గూడ జారిందా, ఎముక విరిగిందా?

బైకు మీంచి పడినా, బాత్రూములో కాలు జారినా, భుజం పట్టుకుని లేవలేక కూర్చున్న మనిషి చుట్టూ నలుగురు చేరతారు. వాళ్లలో ఎవరో ఒకరు "గూడ జారినట్టుంది, చెయ్యి పట్టి ఒక్కసారి లాగితే సర్దుకుంటుంది" అంటారు. గూడ జారిన మాట కొన్నిసార్లు నిజమే అవుతుంది. నిజంగా కీలు తప్పినప్పుడు ఆసుపత్రిలో చేసేది కూడా, నొప్పి తెలియకుండా మందిచ్చి, ఒక పద్ధతి ప్రకారం దాన్ని తిరిగి కూర్చోబెట్టడమే. కాని కీలు తప్పకుండా జబ్బ ఎముక పైభాగంలో సన్నని చీలిక మాత్రమే ఉంటే, ఆ ఒక్క లాగుతో ఎముక రెండు ముక్కలుగా విడిపోవచ్చు. స్లింగ్‌లో పెట్టుకుంటే మానిపోయే దెబ్బ ఆపరేషను దాకా వెళ్తుంది. ఈ రెండింటినీ కంటితో చూసి విడదీయడం అనుభవమున్న డాక్టరుకు కూడా అన్నిసార్లూ కుదరదు. అందుకని ముందు ఎక్స్‌రే తీయాలి, ఆ తర్వాతే ఎవరైనా ఆ చేతిని కదపాలి. ఎక్స్‌రే కూడా కనీసం రెండు కోణాల్లో తీయాలి. ఒక్క ఫిల్ము చూసి తీర్పు చెబితే ఏం జరుగుతుందో కింద ఒక కేసులో చూద్దాం. దానికి ముందు భుజంలో ఏముందో కొంచెం తెలియాలి.

మీ కుడి చేతి వేలితో ఎడమ మెడ కింద తడిమి చూడండి. రొమ్ము ఎముక పైఅంచు నుంచి భుజం కొస దాకా చర్మం కిందనే ఒక సన్నటి ఎముక అడ్డంగా వెళ్తుంది. అదే కాలర్ బోన్. వీపు వైపు పలకలా ఉండేది రెక్క ఎముక. ఆ పలక బయటి అంచున లోతులేని చిన్న గిన్నె ఉంటుంది. జబ్బ ఎముక పైకొస గుండ్రటి బంతిలా ఉండి ఆ గిన్నెకు ఆనుకుని తిరుగుతుంది. తుంటి కీలులో బంతి గిన్నె లోపలికి బాగా దిగి ఉంటుంది. భుజంలో అలా కాదు. ప్రమిద అంచుకు నిమ్మకాయను ఆనించినట్టు ఉంటుంది. బంతిలో మూడో వంతు కన్నా తక్కువ భాగమే ఏ క్షణంలోనైనా గిన్నెను తాకుతుంది. మిగతా పట్టంతా చుట్టూ ఉన్న కండరాలది, స్నాయువులది, కీలును చుట్టిన సంచిది. చెయ్యి ఎటు కావాలంటే అటు తిరగడానికి ఈ అమరిక కావాలి. పెద్ద కీళ్లన్నింటిలోకీ భుజమే ఎక్కువగా తప్పడానికి కారణం కూడా ఇదే.

పడినప్పుడు ఆ బలం ఎటు నుంచి వచ్చింది, పడిన మనిషి వయసెంత అన్నవాటిని బట్టి ఏది దెబ్బతింటుందో చాలావరకు తేలుతుంది. బైకు, సైకిల్ మీంచి ఎగిరి భుజం మొన మీద పడే కుర్రవాళ్లకు ఎక్కువగా కాలర్ బోన్ విరుగుతుంది. కబడ్డీలోనో మరో ఆటలోనో పక్కకు చాచిన చెయ్యి వెనక్కి మెలిపడితే బంతి గిన్నె దాటి ముందుకు జారుతుంది. అరవై దాటినవాళ్లు, అందులోనూ ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లు, నిలుచున్న చోటే పడినా జబ్బ ఎముక మెడ విరుగుతుంది. బంతికి కిందుగా ఎముక సన్నబడే చోటునే ఇక్కడ మెడ అంటున్నాం.

కూర్చున్న తీరు కూడా కొంత చెబుతుంది. కాలర్ బోన్ విరిగినవాళ్లు రెండో చేత్తో మోచేతిని పైకెత్తి పట్టుకుని, తలను దెబ్బ తగిలిన వైపుకు వంచి కూర్చుంటారు. విరిగిన చోట చర్మం కింద గుబ్బ కనిపిస్తుంది. కీలు ముందుకు తప్పినవాళ్లకు భుజం గుండ్రదనం పోయి పైఅంచు మూలలు తేలినట్టు ఉంటుంది. చెయ్యి ఒంటికి కొంచెం ఎడంగా, బయటికి తిరిగి బిగుసుకుపోతుంది. మోచేతిని పక్కటెముకలకు ఆనించమంటే ఆనించలేరు. మెడ విరిగినవాళ్లు చేతిని పొట్టకు హత్తుకుని కదలనివ్వరు. అయితే లావుగా ఉన్న మనిషిలో గుండ్రదనం పోయిందో లేదో తెలియదు. వాపు వచ్చాక ఎవరికీ తెలియదు. అదీకాక, కీలు తప్పడం, ఎముక విరగడం ఒకే భుజంలో ఒకేసారి జరగడం అరుదేమీ కాదు.

ఎక్స్‌రే గదిలోకి వెళ్లేలోపే డాక్టరు రెండు పనులు చేయాలి. మణికట్టు దగ్గర నాడి చూడాలి. జబ్బ పైభాగం బయటి వైపు చర్మాన్ని వేలితో తాకి, స్పర్శ తెలుస్తోందా అని అడగాలి. జబ్బ ఎముక మెడను చుట్టుకుని వెళ్లే ఒక నరం సరిగ్గా ఆ చర్మానికే స్పర్శనిస్తుంది. బంతి జారినప్పుడు ఆ నరం సాగి మొద్దుబారవచ్చు. ఈ సంగతి ముందే రాసిపెట్టకపోతే, తిమ్మిరి దెబ్బ వల్ల వచ్చిందా, కూర్చోబెట్టేటప్పుడు వచ్చిందా అన్నది తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఇక ఫిల్ము తీసే పద్ధతి. రెక్క ఎముక మన వీపు మీద సరిగ్గా చదునుగా ఉండదు, పక్కటెముకల వంపు వెంట ఏటవాలుగా ఉంటుంది. అందువల్ల గిన్నె నేరుగా పక్కకు కాకుండా కొంచెం ముందుకు చూస్తూ ఉంటుంది. మనిషిని ప్లేటుకు నేరుగా నిలబెట్టి తీస్తే బంతి నీడ గిన్నె నీడ మీద పడి, రెండింటి మధ్య సందు కనబడదు. ఒంటిని 35 నుంచి 45 డిగ్రీలు దెబ్బ తగిలిన వైపుకు తిప్పి, రెక్క ఎముక ప్లేటుకు చదునుగా ఆనేలా నిలబెడితే ఆ సందు తేటగా కనిపిస్తుంది. ఇది ఎదుటి నుంచి తీసే మంచి ఫిల్ము. ఇంత తిప్పినా అది ఎదుటి బొమ్మే. బంతి ముందుకు జారిందా, వెనక్కి జారిందా అన్నది అందులో తెలియదు.

అందుకు రెండో ఫిల్ము కావాలి. రెక్క ఎముకను పక్క నుంచి, అంచు వెంబడి చూస్తే అది ఇంగ్లిషు వై అక్షరంలా కనిపిస్తుంది. ఆ అక్షరం మూడు గీతలు కలిసే చోటే గిన్నె. బంతి నీడ ఆ కూడలి మీద ఉంటే కీలు సరిగా ఉన్నట్టు. పక్కటెముకల వైపుకు పోతే ముందుకు తప్పినట్టు, వీపు వైపుకు పోతే వెనక్కి తప్పినట్టు. దీనికి చెయ్యి కదపాల్సిన పని లేదు, స్లింగ్‌లో ఉండగానే తీయవచ్చు. ఇంతకన్నా కచ్చితంగా చూపించేది చంకలోంచి కిరణాన్ని పంపి తీసే ఫిల్ము. దానికి చెయ్యి కాస్త ఎడం జరపాలి, నొప్పికి చాలామంది ఒప్పుకోరు. నేర్పున్న టెక్నీషియన్ చెయ్యి స్లింగ్‌లోనే ఉంచి, మనిషిని బల్ల అంచున వెనక్కి వాల్చి, కింద ప్లేటు పెట్టి, పైనుంచి కిరణం పంపి దాదాపు అదే బొమ్మ తీసుకొస్తాడు. నా మట్టుకు నాకు, భుజం ఎక్స్‌రే బాగా రావడం యంత్రం కన్నా ఆ టెక్నీషియన్ ఓపిక మీదే ఎక్కువ ఆధారపడుతుందనిపిస్తుంది. రెండో ఫిల్ము అంటే రేడియేషన్ ఎక్కువవుతుందని భయపడే వాళ్లుంటారు. ఒక భుజం ఎక్స్‌రేలో వచ్చేది, నేల నుంచీ ఆకాశం నుంచీ ఒకటి రెండు రోజుల్లో మనందరికీ మామూలుగా సోకే మోతాదుకు అటూ ఇటూగా ఉంటుంది.

కాలర్ బోన్ విరిగితే ఫిల్ములో పోల్చుకోవడం సాధారణంగా తేలిక. ఆ ఎముక అంచును రొమ్ము దగ్గర నుంచి భుజం దాకా గీత వెంట కంటిని నడిపిస్తే మెట్టు ఎక్కడుందో తెలిసిపోతుంది. విరిగేది ఎక్కువ మందిలో నడిమి భాగమే. లోపలి ముక్కను మెడ కండరం పైకి లాగుతుంది, బయటి ముక్క చేతి బరువుకు కిందికి దిగుతుంది. అందుకే ఆ గుబ్బ. ముక్కలు ఒకదాని వెనక ఒకటి దాగితే ఎదుటి ఫిల్ములో మెట్టు చిన్నదిగా కనిపిస్తుంది. అప్పుడు కిరణాన్ని కింది నుంచి పైకి కొంత వంచి ఇంకో ఫిల్ము తీస్తారు. ఎముక పక్కటెముకల నీడ నుంచి పైకి తేలి, అసలు ఎడం బయటపడుతుంది. ఇవి చాలావరకు స్లింగ్‌తోనే అతుక్కుంటాయి. ముక్కలు ఒకదాన్నొకటి బాగా దాటిపోయినా, చర్మాన్ని లోపలి నుంచి పొడుస్తున్నా ఆపరేషను మాట వస్తుంది. కాలర్ బోన్ నిక్షేపంగా ఉండి, దాని బయటి కొస మాత్రం భుజం మొన కన్నా పైకి లేచి ఉంటే అది వేరే దెబ్బ. ఆ రెంటినీ కట్టి ఉంచిన స్నాయువులు తెగాయన్నమాట. దాన్ని కూడా బయట గూడ జారిందనే అంటారు గాని, బంతి మాత్రం గిన్నెలోనే ఉంటుంది.

అసలు చిక్కు బంతి దగ్గర. కీలు తప్పిన భుజాల్లో నూటికి తొంభై అయిదు దాకా ముందుకు తప్పినవే. అలా తప్పినప్పుడు బంతి కిందికీ లోపలికీ, రెండు వైపులా జరుగుతుంది. రెక్క ఎముక నుంచి ముందుకు పొడుచుకొచ్చిన చిన్న కొన కిందకు, గుండె వైపుకు చేరి అక్కడ ఆగుతుంది. గిన్నె ఖాళీగా కనిపిస్తుంది. ఈ గుర్తును గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే దీన్ని పోలినట్టే ఉండి మోసం చేసే ఫిల్ము ఇంకొకటి ఉంది.

ఒక కేసు తీసుకుందాం. 62 ఏళ్ల ఆవిడ పొద్దున్నే కళ్లాపి చల్లిన వాకిట్లో కాలు జారి ఎడమ భుజం మీద పడింది. చెయ్యి ఎత్తలేకపోతోంది. పక్కింటాయన లాగుతానంటే కొడుకు వద్దని, తువ్వాలుతో చేతిని మెడకు కట్టి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ముందు చేతి గాజులు, ఉంగరం తీయించారు. సాయంత్రానికి వాపు వేళ్ల దాకా దిగుతుంది, ఆ తర్వాత అవి కోస్తే తప్ప రావు. నాడి బాగుంది, స్పర్శ ఉంది. ఎదుటి ఫిల్ము వచ్చింది. బంతి ఉండాల్సిన చోటు కన్నా బాగా కిందికి దిగి ఉంది. గిన్నె పైసగం ఖాళీ. తొందరలో చూసినవాళ్లెవరైనా కీలు తప్పిందనే అంటారు.

నిదానంగా చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, బంతి కిందికి దిగింది గాని లోపలికి పోలేదు. రెండోది, బంతి అంచును కంటితో చుట్టి వస్తే మెడ దగ్గర తెల్లటి గీత తెగి, సన్నని నల్ల చార ఎముకకు అడ్డంగా పోతోంది. బంతికి బయటి వైపున్న గడ్డ, అంటే చేతిని పైకెత్తే స్నాయువులు అతుక్కునే చోటు, కొద్దిగా ఎడమైంది. మూడోది కొంచెం సూక్ష్మమైనది. ఆవిణ్ని కూర్చోబెట్టి తీసిన ఫిల్ము కనుక, కీలు సంచిలో ఒక అడ్డగీత గీసినట్టు చదునుగా కనిపిస్తోంది. విరిగిన ఎముక లోపలి మూలుగలోని కొవ్వు కారి, కీలులో చేరిన రక్తం మీద తేలితే వచ్చే గీత అది. ఎముక ఎక్కడో పగిలి ఆ పగులు కీలులోకి తెరుచుకుందని దానర్థం. పగులు కంటికి కనబడకపోయినా ఆ గీత ఉంటే వెతకాల్సిందే.

రెండో ఫిల్ములో, ఆ వై అక్షరంలో, బంతి ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. కొంచెం కిందుగా ఉన్నా గిన్నె ఎదుటే ఉంది. అంటే కీలు తప్పలేదు. విరిగిన మెడ నుంచి రక్తం కారి కీలు సంచి నిండింది. నొప్పికి భుజం కండ పట్టు వదిలేసింది. చేతి బరువుకు బంతి కిందికి వేలాడింది. పైకి లాక్కునే కండకు పట్టు తిరిగొచ్చి, రక్తం ఇంకిపోయేసరికి బంతి దానంతటదే పైకొస్తుంది, కొన్ని వారాలు పడుతుంది. కూర్చోబెట్టడానికి అక్కడ ఏమీ లేదు. ఆ పొద్దున పక్కింటాయన లాగి ఉంటే, కలిసి ఉన్న ఎముక మెడ దగ్గర తెగి బంతి ఒకవైపు, ఎముక ఒకవైపు అయ్యేవి. బంతికి రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు ఆ మెడ చుట్టూనే పాకి ఉంటాయి. అవి తెగితే బంతి నెలల తర్వాత చచ్చుపడి కుంగిపోవచ్చు.

ఇక ఎంత కదిలిందన్న లెక్క. అమెరికాలో చార్లెస్ నీర్ అనే ఎముకల సర్జన్ 1970లో ఒక పద్ధతి రాశాడు, ఇవాళ్టికీ అదే వాడుతున్నారు. బంతి, బయటి గడ్డ, ముందు వైపు చిన్న గడ్డ, కింది కాడ, ఇలా జబ్బ ఎముక పైభాగాన్ని నాలుగు ముక్కలుగా చూస్తాడు. ఒక ముక్క 1 సెంటీమీటరు కన్నా ఎక్కువ జరిగినా, 45 డిగ్రీల కన్నా ఎక్కువ ఒరిగినా దాన్ని విడిపోయిన ముక్కగా లెక్కిస్తాడు. ఆవిడ ఫిల్ములో గడ్డ 3 మిల్లీమీటర్లు జరిగింది, బంతి 20 డిగ్రీలు ఒరిగింది. గీతలు ఎన్ని కనిపించినా నీర్ లెక్కలో అది విడిపోని ఎముకే. స్లింగ్ చాలు.

ఇంతకన్నా ఎక్కువ కదిలినవాటికి కూడా ఆపరేషను తప్పనిసరి అనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో మెడ దగ్గర కదిలి విరిగిన 250 మంది పెద్దవాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపరేషను, మరో జట్టుకు స్లింగ్ ఇచ్చి రెండేళ్లు చూశారు. చెయ్యి పనిచేసే తీరులో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదని 2015లో ప్రచురించారు. అయితే విరగడంతో పాటు కీలు కూడా తప్పినవాళ్లను ఆ పరిశీలనలో చేర్చుకోలేదు. అలాంటి భుజానికి ఈ ఫలితం వర్తించదు. కీలు తప్పిందా లేదా అని ముందే తేల్చుకోవడం ఎంత అవసరమో ఇక్కడ మళ్లీ తెలుస్తుంది.

ఆవిడకు డాక్టరు చెప్పింది ఇదీ: "అమ్మా, రాత్రి వెల్లకిలా పడుకోవద్దు, రెండు మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకోండి. వేళ్లు, మణికట్టు ఇవాళ్టి నుంచే ఆడించండి. మూడో రోజుకో నాలుగో రోజుకో మోచేతి దాకా, రొమ్ము పక్కన కూడా నల్లగా కమిలినట్టు వస్తుంది. పైన కారిన రక్తమే కిందికి దిగుతుంది, కొత్తగా ఏమీ అయినట్టు కాదు." ఆ కమిలిన మచ్చ చూసి హడలిపోయి మళ్లీ పరుగెత్తుకొచ్చేవాళ్లు చాలామంది, అందుకే ముందే చెప్పాలి. వారం తర్వాత ఇంకో ఎక్స్‌రే తీశారు, ముక్కలు జరగలేదు. అప్పటి నుంచి ముందుకు వంగి చేతిని వేలాడదీసి చిన్న వలయాలు తిప్పడం మొదలుపెట్టించారు. మూడో వారం ఫిల్ములో బంతి గిన్నె ఎదుట పూర్తిగా పైకి చేరింది. నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగింది కనుక ఎముక సాంద్రత పరీక్ష కూడా రాశారు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉండే కేసు కీలు వెనక్కి తప్పడం. నూటికి నాలుగైదుకు మించి ఉండదు, కాని ఎక్కువగా జారిపోయేది ఇదే. మూర్ఛ వచ్చి పడినవాళ్లలో, కరెంటు షాకు కొట్టినవాళ్లలో భుజం చుట్టూ ఉన్న కండరాలన్నీ ఒక్కసారిగా బిగిసి, బలమైనవి చేతిని లోపలికి మెలిపెట్టి బంతిని గిన్నె వెనక్కి తోస్తాయి. ఎదుటి ఫిల్ములో బంతి గిన్నె ఎదుటే ఉన్నట్టు కనిపిస్తుంది. రిపోర్టులో ఎముక విరగలేదని రాసి, బెణికిందని మందులిచ్చి పంపేస్తారు. వారాల తర్వాత, చెయ్యి బయటికి తిరగడం లేదని వచ్చినప్పుడు బయటపడుతుంది. జాగ్రత్తగా చూస్తే ఎదుటి ఫిల్ములోనూ గుర్తు దొరుకుతుంది. జబ్బ ఎముక లోపలికి తిరిగిపోవడంతో బయటి గడ్డ ముందుకు వచ్చేసి, బంతి రెండు పక్కలా సమంగా గుండ్రంగా, బల్బు ఆకారంలో ఉంటుంది. వై ఫిల్ము గాని, చంక ఫిల్ము గాని తీస్తే అనుమానమే మిగలదు. ఇంట్లో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. మోచేతిని పక్కకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమంటే కొంచెం కూడా తిరగదు, ఇంకొకరు మెల్లగా తిప్పబోయినా అడ్డు తగిలినట్టు ఆగిపోతుంది. మూర్ఛ తర్వాత భుజం నొప్పి అన్నవాళ్లకు రెండో ఫిల్ము లేకుండా "ఏమీ లేదు" అంటే ఒప్పుకోకండి.

పిల్లల ఫిల్ముల గురించి ఒక్క మాట. పద్దెనిమిది ఇరవై ఏళ్ల లోపు జబ్బ ఎముక పైకొసన, బంతికి కాస్త కిందుగా నల్లటి చార ఒకటి ఉండనే ఉంటుంది. ఎముక పెరిగే చోటు అది. విరిగిందని కంగారుపడే ముందు రెండో భుజం ఫిల్ముతో పోల్చి చూస్తారు.

కీలు ముందుకు తప్పిందని రెండు ఫిల్ముల్లోనూ తేలి, మెడ దగ్గర చీలిక లేదని చూసుకున్నాకే కూర్చోబెట్టాలి. బయటి గడ్డ ఊడి ఉన్నా జాగ్రత్తగా కూర్చోబెట్టవచ్చు, బంతి గిన్నెలోకి వెళ్లేసరికి ఆ ముక్క కూడా చాలాసార్లు తన చోటుకు చేరుతుంది. మెడ చీలి ఉంటే మాత్రం మత్తు లేకుండా, సర్జన్ లేకుండా ముట్టుకోకూడదు. కూర్చోబెట్టిన తర్వాత మళ్లీ ఫిల్ము తీస్తారు. చాలామంది "సర్దుకుంది కదా, ఇంకెందుకు" అని అది వదిలేసి వెళ్లిపోతారు. బంతి నిజంగా లోపల కూర్చుందా అని చూడటంతో పాటు, ముందు ఫిల్ములో ముక్కల వెనక దాగిన గాయాలు ఇందులో బయటపడతాయి. తప్పి ఉన్నప్పుడు బంతి వెనక భాగం గిన్నె అంచుకు నొక్కుకుని సొట్ట పడుతుంది. గిన్నె ముందు అంచు చిట్లి ఉండవచ్చు. కుర్రవాళ్లలో ఈ రెండూ పెద్దవిగా ఉంటే కీలు మళ్లీ మళ్లీ జారుతుంది. అలాంటప్పుడు సీటీ, ఎంఆర్ఐ తీసి కొలుస్తారు. పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోవాలని తీర్మానించుకున్నవాళ్లు కూడా ఈ ఫిల్ములన్నీ తీయించుకుని, వాటిని చూసిన ఎముకల డాక్టరు మాట విన్నాకే కదలాలని కోరుతున్నాను.

ఎక్స్‌రేలో కనబడనిది ఒకటుంది. అందులో ఎముక కనిపిస్తుంది, స్నాయువు కనిపించదు. నలభై దాటినవాళ్లలో కీలు తప్పినప్పుడు చేతిని పైకెత్తే స్నాయువులు తెగడం తరచుగా జరుగుతుంది. ఫిల్ము తేటగా ఉంటుంది, బంతి గిన్నెలో ఉంటుంది, నొప్పి కూడా తగ్గుతుంది, చెయ్యి మాత్రం పైకి లేవదు. కొంతమందిలో ఇది స్నాయువు తెగడం వల్ల, కొంతమందిలో ముందు చెప్పిన నరం మొద్దుబారడం వల్ల, ఒక్కోసారి రెండింటి వల్లా. రెండు మూడు వారాలు గడిచినా తనంతట తాను చెయ్యి పక్కకు ఎత్తలేకపోతుంటే ఇంకో ఎక్స్‌రే తీయించడం దండగ. అల్ట్రాసౌండ్ గాని ఎంఆర్ఐ గాని అడగాలి. తెగిన స్నాయువు నెలలు గడిచేకొద్దీ వెనక్కి ముడుచుకుపోయి, దాని కండ కొవ్వుగా మారుతుంది, అప్పుడు కుట్టాలన్నా అందదు.